సొరంగం 22 మిల్లీమీటర్లు ముడుచుకుంది: ఆ కాగితాన్ని ఎలా చదవాలి?

మా బావమరిదికి ఒడిశాలోని జయపురంలో లారీల స్పేర్ పార్టుల షాపు ఉంది. మొన్న రాత్రి పదింటికి వాట్సాప్‌లో ఒక ఫొటో పంపి, వెంటనే ఫోన్ చేశాడు. "బావా, కొండలో తవ్వుతున్న ఆ సొరంగం మూసుకుపోతోందంట. డ్రైవర్లందరి ఫోన్లలో ఇదే తిరుగుతోంది, చూడు."

చూశాను. సైట్ ఆఫీసులో గోడకు అంటించిన కాగితాన్ని ఎవరో సెల్‌ఫోన్‌తో తీశారు. దాని పేరు కన్వర్జెన్స్ మానిటరింగ్ సమ్మరీ. తవ్వుతున్న సొరంగం ఏ రోజుకు ఎంత ముడుచుకుందో చెప్పే ఒక పేజీ లెక్క అది. పదిహేను వరుసల్లో పద్నాలుగు పచ్చరంగులో ఉన్నాయి, ఒకటి పసుపు. పసుపు వరుసలో "22.0 మి.మీ., అంబర్" అని ఉంది. ఆ వరుస చుట్టూ ఎవరో ఎర్ర గీత గీసి, కింద మూడు ఆశ్చర్యార్థకాలు పెట్టారు.

సర్వే పనిలో నా సగం జీవితం ఇలాంటి కాగితాలు తయారు చేయడంతోనే గడిచింది. 22 అన్న అంకె చూసి భయపడాలో వద్దో ఆ ఫొటో ఒక్కటీ చూసి నేను కూడా చెప్పలేను. ఎందుకు చెప్పలేనో, చెప్పాలంటే ఇంకేం కావాలో ఇక్కడ రాస్తున్నాను. కొరాపుట్ వైపు మనవాళ్లకు సొరంగాలు కొత్త కాదు. కొత్తవలస–కిరండూల్ రైలు మార్గంలో యాభైకి పైగా ఉన్నాయి. అయితే అవి తవ్వే రోజుల్లో రోజువారీ లెక్క జనం ఫోన్లలోకి వచ్చేది కాదు.

కొండ ఎందుకు ముడుచుకుంటుంది

వడ్ల బస్తాలోకి చెయ్యి దూర్చి తీసేయండి. చెయ్యి ఉన్నచోటికి చుట్టూ ఉన్న వడ్లు జరుగుతాయి. రాయి వడ్లలా జారదు కానీ, జరిగేది అదే. కొండ లోపలి రాయి మీద పైనున్న రాయి బరువంతా ఉంటుంది. మధ్యలో గుండ్రంగా ఖాళీ చేస్తే, అప్పటిదాకా ఆ చోటు మోసిన బరువు పక్కలకు మళ్లుతుంది. పక్క రాయి నొక్కుకుపోయి, ఖాళీ వైపు కొద్దిగా జరుగుతుంది. గట్టి రాయిలో ఈ జరుగుడు కొన్ని మిల్లీమీటర్లతో ఆగుతుంది. మెత్తబడిన రాయిలో పదుల మిల్లీమీటర్లు, ఒక్కోసారి వందలు కూడా ఉంటుంది.

తూర్పు కనుమల్లో ఈ తేడా చాలా ఎక్కువ. ఒకే కొండలో చార్నోకైట్ అనే నల్లటి గట్టి రాయి ఉంటుంది, దాని పక్కనే ఖోండలైట్ ఉంటుంది. ఖోండలైట్ ఎండకూ వానకూ లోతుగా కుళ్లే రాయి. కుళ్లాక కొన్నిచోట్ల ఎర్రగా, కొన్నిచోట్ల తెల్లటి సుద్దలా మారుతుంది, గోరుతో గీస్తే గీత పడుతుంది. దామన్‌జోడి దగ్గర పంచపట్‌మాలి కొండ మీద బాక్సైట్ తవ్వుతున్నారు కదా, అదీ ఈ రాయి లక్షల ఏళ్లుగా కుళ్లగా పైన మిగిలినదే. కాబట్టి ఈ కొండల్లో సొరంగం తవ్వేవాడికి ఉదయం బ్లాస్టింగ్ చేసిన రాయి, సాయంత్రానికి గునపంతో ఊడే మట్టిగా మారవచ్చు.

కొండ సొరంగాల్లో ఎక్కువగా వాడే పద్ధతిని ఎన్‌ఏటీఎమ్, అంటే న్యూ ఆస్ట్రియన్ టనెలింగ్ మెథడ్, అంటారు. 1960ల్లో ఆస్ట్రియా ఇంజనీర్లు దానికి ఆ పేరు పెట్టారు. రాయిని అసలు కదలనివ్వకుండా లావుపాటి కాంక్రీటుతో బిగించాలంటే బోలెడు ఖర్చు. దానికి బదులు కొంచెం జరగనిస్తే రాయి తన బరువులో చాలా భాగం తానే మోసుకుంటుంది. మనం పైన పల్చటి షాట్‌క్రీట్, అంటే గొట్టంతో చిమ్మే కాంక్రీటు, రాయిలోకి దించే రాక్ బోల్టులు, ఇనుప గర్డర్లు పెడితే సరిపోతుంది. అయితే ఎంతవరకు జరగనివ్వవచ్చో ముందుగా కచ్చితంగా ఎవరికీ తెలియదు. అందుకే రోజూ కొలుస్తారు. సొరంగం ముడుచుకుంటోంది అన్న మాటలో కొత్త వార్తేమీ లేదు. తవ్విన ప్రతి సొరంగమూ ముడుచుకుంటుంది.

మిల్లీమీటరు ఎలా దొరుకుతుంది

సొరంగం పొడవునా పది, ఇరవై మీటర్లకొక చోట ఒక సెక్షన్ పెడతారు. రాయి బాగాలేని చోట ఇంకా దగ్గరగా పెడతారు. ఒక్కో సెక్షన్‌లో సాధారణంగా అయిదు పాయింట్లు. పైకప్పు మధ్యలో ఒకటి, దాన్ని క్రౌన్ అంటారు. రెండు భుజాల దగ్గర రెండు, రెండు పక్కగోడల్లో రెండు. ఒక్కో పాయింటులో ఇనుప పిన్ను దించి, దాని చివర అరచేతిలో సగం ఉండే వెలుగు తిప్పికొట్టే బిళ్ల పెడతారు. దాన్ని టార్గెట్ అంటాం.

టోటల్ స్టేషన్ అనే పరికరం వెనక దూరంగా నిలబెట్టి, ఒక్కో టార్గెట్‌ను చూసి, అది ఎక్కడుందో మూడు దిక్కుల్లోనూ లెక్కకడతారు. ఎడమ గోడ టార్గెట్‌కూ కుడి గోడ టార్గెట్‌కూ మధ్య దూరం మొదటిసారి కొలిచినప్పటికంటే ఎంత తగ్గిందో అదే కన్వర్జెన్స్. రెండు గోడల జరుగుడూ అందులో కలిసే ఉంటుందని గుర్తుంచుకోండి. క్రౌన్ కిందికి దిగడాన్ని విడిగా సెటిల్మెంట్ కింద రాస్తారు.

సొరంగంలో ఈ పద్ధతికి ఒక మిల్లీమీటరు అటూ ఇటూ తప్పిదం మామూలే. దుమ్ము, పొగ, వేడి గాలి వల్ల చూపు వంగుతుంది. ఇంతకుముందు వాడిన టేప్ ఎక్స్‌టెన్సోమీటర్, అంటే రెండు కొక్కేల మధ్య బిగించే ఉక్కు టేపు, మిల్లీమీటరులో అయిదో వంతు దాకా పట్టేది. కానీ అది కట్టాలంటే లోడర్‌ను ఆపాలి, మనిషి ఎత్తుకు ఎక్కాలి. పని ఆపమంటే ఫోర్‌మన్ మొహం ఎలా మారేదో నాకిప్పటికీ గుర్తే.

ఒక మిల్లీమీటరు తప్పిదం ఉంటుందని తెలిస్తే, "నిన్న 18.2, ఇవాళ 18.6" అన్న దాన్ని చూసి ఎవరూ గాబరాపడరు. ఆ 0.4 కొండది కాకపోవచ్చు, పరికరానిది కావచ్చు.

సున్నా ఎక్కడ పెట్టారు?

ఈ కాగితంలో అన్నిటికంటే ముఖ్యమైన సంగతి కాగితంలో కనిపించదు. ఆ 22 దేని నుంచి లెక్క? టార్గెట్ పెట్టాక తీసిన మొదటి రీడింగ్ నుంచి. దాన్ని జీరో రీడింగ్ అంటారు. కానీ టార్గెట్ పెట్టేటప్పటికే కొండ జరగడం మొదలై ఉంటుంది. తవ్వుతున్న చివరి గోడను ఫేస్ అంటారు. ఫేస్ ఇంకా దగ్గరికి రాకముందే, ముందున్న రాయి కొంత నొక్కుకుపోతుంది.

ఎంత జరిగి ఉంటుందో అంచనా వేయడానికి ఫ్రెంచ్ ఇంజనీర్ పానే పేరుతో ఒక సూత్రం ఉంది. మొత్తం జరుగుడులో ఎన్నో వంతు అయిపోయిందో చెబుతుంది:

```
u/u_max = 0.25 + 0.75 × [1 − (0.75 / (0.75 + x/R))²]
```

ఇందులో x అంటే ఫేస్ నుంచి మన సెక్షన్ ఎంత వెనక ఉందో ఆ దూరం. R అంటే సొరంగం వెడల్పులో సగం. 12 మీటర్ల వెడల్పున్న సొరంగం అనుకుందాం, R 6 మీటర్లు. ఫేస్ దగ్గరే, అంటే x సున్నా అయితే, 25 శాతం అప్పటికే అయిపోయింది. ఫేస్‌కు 2 మీటర్ల వెనక దాదాపు 64 శాతం. 4 మీటర్ల వెనక 79 శాతం. రాయి స్ప్రింగులా నొక్కుకుని ఆగిపోతుందన్న ఊహ మీద కట్టిన లెక్క ఇది. కుళ్లిన రాయిలో ఫేస్ దూరమయ్యాక కూడా జరుగుడు సాగుతుంది కాబట్టి ఈ శాతాలు మారతాయి. అయినా విషయం అర్థం కావడానికి చాలు.

ఇప్పుడు లెక్క చూడండి. ఆ చోట రెండు గోడలూ కలిపి మొత్తం 110 మి.మీ. జరుగుతాయని డిజైన్ చేసినవాళ్లు అంచనా వేశారనుకోండి. ఫేస్‌కు 2 మీటర్ల వెనక సున్నా పెడితే మిగిలింది 36 శాతం, అంటే కొలతలో కనిపించేది 40 మి.మీ. బ్లాస్టింగ్ తర్వాత రాళ్లు ఎత్తడం ఆలస్యమై, సర్వే మనిషి మర్నాడు వచ్చి 4 మీటర్ల వెనక సున్నా పెడితే మిగిలింది 21 శాతమే. కనిపించేది 23 మి.మీ. కొండ అదే, తవ్వకం అదే, కాగితం మీద మాత్రం దాదాపు సగం.

ఇందులో తిరకాసు ఎక్కడంటే, రాయి అనుకున్నదానికంటే చెడ్డదై మొత్తం 110 బదులు 147 జరిగిందనుకోండి. సరైన సమయంలో సున్నా పెట్టిన కాగితం 53 చూపిస్తుంది. డిజైన్ చెప్పిన 40 దాటిపోయింది కాబట్టి అందరూ లేచి కూర్చుంటారు. ఆలస్యంగా పెట్టిన కాగితం 31 చూపిస్తుంది. "40 కంటే తక్కువే కదా" అని అందరూ టీ తాగుతారు. అందుకే మంచి సమ్మరీలో ప్రతి సెక్షన్‌కూ జీరో రీడింగ్ ఏ తేదీన, ఏ గంటకు, ఫేస్‌కు ఎన్ని మీటర్ల వెనక తీశారో ఒక గడి ఉంటుంది. మా బావమరిది పంపిన ఫొటోలో ఆ గడి ఉన్న అంచు కోసుకుపోయింది.

పచ్చ, పసుపు, ఎరుపు: గీతలు ఎక్కడ గీస్తారు

ట్రిగ్గర్ లెవెల్ అంటే, కొలత ఈ గీత దాటితే ఫలానా పని చేసి తీరాలి అని ముందే రాసుకున్న ఒప్పందం. ముందే అన్నది ముఖ్యం. గీత దాటాక కూర్చుని ఏం చేద్దామని ఆలోచిస్తే, ఆ రాత్రి షిఫ్టులో పెద్దగా మాట్లాడేవాడి మాటే నెగ్గుతుంది.

ఈ అంకెలు అన్ని సొరంగాలకూ ఒకటే కావు. ఒకే సొరంగంలో కూడా రాయి తరగతి మారితే మారతాయి. పైన చెప్పిన సెక్షన్‌కే లెక్క కోసం ఇలా పెట్టుకుందాం. డిజైన్ అంచనా 40 మి.మీ. అందులో సగం, 20 దాకా పచ్చ. 20 నుంచి 32 దాకా, అంటే 80 శాతం వరకు పసుపు, అదే అంబర్. 32 దాటితే ఎరుపు. వీటితో పాటు వేగానికి వేరే గీతలు ఉంటాయి: రోజుకు 3 మి.మీ. దాటితే పసుపు, 5 దాటితే ఎరుపు. ఫేస్ ఒక వెడల్పు దూరం, అంటే 12 మీటర్లు ముందుకు వెళ్లాకే వేగం గీతలు వర్తిస్తాయి. ఫేస్ పక్కనే ఉన్నప్పుడు మొదటి రోజు 5 మి.మీ. రావడం మామూలు సంగతి. ఈ చిన్న షరతు రాయకపోతే ప్రతి సెక్షన్ పుట్టగానే పసుపుగా పుడుతుంది.

మొత్తం ముడుచుకున్నదాన్ని వెడల్పుతో భాగించి చూసే పద్ధతి కూడా ఉంది. 110ని 12,000తో భాగిస్తే 0.9 శాతం. 2000లో హూక్, మరినోస్ అన్న ఇద్దరు చేసిన వర్గీకరణలో 1 శాతం లోపు పెద్ద ఇబ్బందులు ఉండవు, 2.5 శాతం దాటితే తీవ్రం. 12 మీటర్ల సొరంగానికి 2.5 శాతం అంటే 300 మి.మీ. అలా చూస్తే 22 ఏ మూలకు? కానీ ఆ శాతాలు సొరంగం మొత్తం తీరు చెప్పేవి. ఇవాళ రాత్రి ఈ సెక్షన్ కింద మనుషుల్ని పంపవచ్చా అన్నదానికి జవాబు చెప్పేవి కావు.

ఇక ఏ రంగుకు ఏం పని? పచ్చలో ఉంటే మామూలే. ఫేస్ దగ్గరున్నంతకాలం రోజుకో రీడింగ్, దూరమయ్యేకొద్దీ రెండు రోజులకు, వారానికి ఒకటి.

పసుపు వస్తే మొదటి పని రీడింగ్ మళ్లీ తీయడం, అదీ ఆ షిఫ్టులోనే. నిజమేనని తేలితే రీడింగులు రెట్టింపు చేస్తారు. జియాలజిస్టు టార్చితో వెళ్లి షాట్‌క్రీట్ మీద పగుళ్లు, బోల్టు ప్లేట్లు వంగడం, కొత్తగా కారే నీరు చూస్తాడు. పగులు ఉంటే రెండు పక్కలా రంగుతో గుర్తు పెట్టి తేదీ రాస్తాడు. కాంట్రాక్టర్ ఇంజనీరూ, ప్రభుత్వం తరఫు ఇంజనీరూ ఇద్దరూ ఆ రోజే చూసి సంతకం పెట్టాలి. తవ్వకం ఆపనక్కర్లేదు కానీ, ఒక్కో విడతలో తవ్వే పొడవు, అంటే పుల్, తగ్గించవచ్చు. ఉదాహరణకు 2 మీటర్లకు బదులు 1 మీటరు. అదనపు బోల్టులు, షాట్‌క్రీట్ సామాను సెక్షన్ దగ్గరే సిద్ధంగా ఉంచాలి. పసుపులో చేసే పనంతా ఎరుపు రాకుండా చూడడానికే.

ఎరుపు వస్తే ఫేస్ దగ్గర తవ్వకం ఆగుతుంది. ఫేస్ మీద కూడా షాట్‌క్రీట్ కొట్టి మూస్తారు. ఆ సెక్షన్ దాటి లోపలున్న మనుషుల్ని బయటికి రప్పించి, ఆ తర్వాత బలపరిచేవాళ్లను మాత్రమే కాపలా పెట్టి పంపుతారు. పొడవైన బోల్టులు, ఇంకో పొర షాట్‌క్రీట్, నీరుంటే వదిలేసే రంధ్రాలు. కుళ్లిన రాయిలో బాగా పనిచేసేది తాత్కాలిక ఇన్వర్ట్. అంటే నేల మీద కూడా షాట్‌క్రీట్ వేసి, గుర్రపు నాడాలా ఉన్నదాన్ని పూర్తి వలయంగా మూయడం. వలయం మూతపడితే గోడల కాళ్లు లోపలికి జరగలేవు. రీడింగులు శాంతించాక డిజైన్ ఇంజనీరు కొత్త లెక్క ఇచ్చి సంతకం పెడితేనే మళ్లీ తవ్వకం. జరుగుడు పెరుగుతూ, షాట్‌క్రీట్ పెళ్లలు రాలుతుంటే మాత్రం బలపరచడం కూడా మానేసి అందరూ బయటికి రావాలి.

ఒకే 22, రెండు కథలు

ఇప్పుడు ఆ ఫొటోలోని లాంటి పసుపు వరుస మీద రెండు సెక్షన్లు ఊహించుకుందాం. రెండూ పదహారో రోజున 22.0 మి.మీ. చూపించాయి.

మొదటిది ఇలా సాగింది. మొదటి రోజు 5, రెండో రోజు 9, మూడో రోజు 12, అయిదో రోజు 16, ఎనిమిదో రోజు 18. ఫేస్ దూరమయ్యేకొద్దీ గ్రాఫ్ వంగి పడుకుంది. పదిహేనో రోజుకు 18.6. ఏడు రోజుల్లో 0.6 మిల్లీమీటరు, అది పరికరం తప్పిదం కూడా కావచ్చు. పదహారో రోజు ఒక్కసారిగా 22.0. ఒక్క రోజులో 3.4 పెరిగింది. కాబట్టి మొత్తమూ పసుపే, వేగమూ పసుపే. చూడ్డానికి భయంగానే ఉంది.

అయితే ఆ రోజు డైరీలో ఇంకో వరుస ఉంది. సొరంగాన్ని రెండు విడతల్లో తవ్వుతారు. ముందు పైసగం, అంటే హెడింగ్. తర్వాత కొన్ని పదుల మీటర్ల వెనకనుంచి కింది సగం, అంటే బెంచ్. పదిహేనో రోజు రాత్రి బెంచ్ తవ్వకం సరిగ్గా ఈ సెక్షన్ కిందికి వచ్చింది. గోడల కాళ్ల కింద ఉన్న రాయి పోతే గోడలు లోపలికి జరగవా? జరుగుతాయి. పదిహేడో రోజు 24.0, పద్దెనిమిదో రోజు 25.0, పంతొమ్మిదో రోజు 25.4 అయితే, కారణం తెలిసింది, తగ్గుదల కూడా కనిపించింది. రీడింగులు రెట్టింపు చేసి, బెంచ్ బోల్టులు ఆలస్యం కాకుండా చూసుకుంటే చాలు.

రెండో సెక్షన్ వేరు. పన్నెండో రోజు 14.6. ఆపైన 15.6, 17.1, 19.2, పదహారో రోజు 22.0. రోజువారీ పెరుగుదల చూడండి: 1.0, 1.5, 2.1, 2.8. రోజుకు 3 మి.మీ. గీత దాటలేదు కాబట్టి వేగం గడి పచ్చగానే ఉంది. మొత్తం మాత్రమే పసుపు. కాగితం మీద ఇది మొదటిదానికంటే నెమ్మదిగా కనిపిస్తుంది. కానీ ఆ నాలుగు రోజుల్లో దగ్గర్లో ఏ తవ్వకమూ లేదు. ఫేస్ ముప్పై మీటర్ల ముందుంది, బెంచ్ ఇంకా వెనకే ఉంది. ఏ కారణమూ లేకుండా వేగం పెరుగుతోందంటే, కారణం ఉంది, మనకు కనిపించడం లేదు అని అర్థం. ఖోండలైట్ కొండల్లో నేను మొదట అడిగేది వాన గురించి. పైన రెండు మూడు రోజులు వాన పడి, నీరు పగుళ్లలో దిగి, సుద్దమట్టి నానితే ఇలాగే మొదలవుతుంది. ఇదే తీరు సాగితే మూడు రోజుల్లో 32 దాటుతుంది. ఈ సెక్షన్‌కు పసుపు పని సరిపోదు. రంగు మారేదాకా ఆగకుండా ఆ రోజే హెడింగ్ ఆపి, నీటి రంధ్రాలు వేసి, ఇన్వర్ట్ మూయమని నేనైతే రాస్తాను.

అంటే అంకె కంటే గ్రాఫ్ ఎటు వంగుతోందన్నదే ఎక్కువ చెబుతుంది. ఏమీ తవ్వనప్పుడు గ్రాఫ్ పడుకోవాలి. తవ్వకం దగ్గరికి వస్తే లేచి మళ్లీ పడుకోవాలి. ఏమీ జరగకుండా లేస్తే ఏ రంగైనా సరే, అది ప్రమాదమే.

కొలతే తప్పయితే

ఒకచోట నేను పనిచేసేటప్పుడు తెల్లవారుజామున ఒక సెక్షన్ 9 మి.మీ. జరిగినట్టు చూపించింది. షిఫ్టు ఇంజనీరుకు చెమటలు పట్టాయి. నా హెల్పర్ మెడలోని గమ్చాతో టార్గెట్ తుడిచి, దాన్ని వేలితో కదిపి చూశాడు. పిన్ను ఊగింది. రాత్రి లోడర్ బకెట్ తగిలి వంగింది, చెప్పడానికి డ్రైవర్ భయపడ్డాడు.

ఇలాంటిది ఆఫీసులోనే పట్టవచ్చు. ఎడమ గోడ, కుడి గోడ, క్రౌన్ మధ్య మూడు దూరాలు ఉంటాయి. కుడి గోడ పాయింటు ఒక్కటే కదిలితే, దానితో కలిసిన రెండు దూరాలు మారతాయి, ఎడమ గోడకూ క్రౌన్‌కూ మధ్య దూరం మారదు. పది మీటర్ల ఇటూ అటూ ఉన్న సెక్షన్లు కూడా కదలవు. కొండ జరిగితే ఒక్క పాయింటుతో అంత నీటుగా ఆగడం అరుదు. అయినా ఒక షరతు. రాయిలో చీలలాంటి ముక్క ఒకటి జారబోతుంటే కూడా ఒక్క పాయింటే కదలవచ్చు. కాబట్టి టార్గెట్‌ను చేత్తో చూసి రాకుండా, "దెబ్బ తగిలింది" అని రాసి కొత్త సున్నా పెట్టకూడదు. కొత్త సున్నా పెడితే పాత జరుగుడు చెరిపేసినట్టే. పాతదానికి కొత్తది కలుపుతూ పోవాలి.

దీనికంటే చెడ్డది ఖాళీ గడి. "దుమ్ము వల్ల రీడింగ్ లేదు" అని వరుసగా మూడు రోజులు రాసి ఉంటే, నా దృష్టిలో అది పసుపు కిందే లెక్క.

గీతలు బిగించాలా, వదలాలా

ఈ విషయంలో ఇంజనీర్లలోనే రెండు పక్షాలు ఉన్నాయి. గీతలు తక్కువలో పెట్టాలనేవాళ్లు, ముందుగా తెలిస్తే పది బోల్టులతో పోయేది, ఆలస్యమైతే పది మీటర్ల సొరంగాన్ని మళ్లీ తవ్వాల్సి వస్తుందంటారు. ఎదుటివాళ్లది కూడా కొట్టిపారేసే మాట కాదు. గీతలు మరీ తక్కువలో పెడితే రోజూ నాలుగు పసుపులు వస్తాయి. నెల తిరిగేసరికి పసుపును ఎవరూ చూడరు. సంతకాలు మాత్రం పడుతుంటాయి. నేను రెండూ చూశాను. రెండోది ఎక్కువ చూశాను.

డబ్బు గొడవ కూడా ఉంది. పసుపు వస్తే పుల్ తగ్గుతుంది, రోజుకు తవ్వే మీటర్లు తగ్గుతాయి. అది ఎవరి ఖాతాలో పడుతుందన్నది కాంట్రాక్టును బట్టి ఉంటుంది. మధ్యలో గీతలు పైకి జరపమని కాంట్రాక్టర్ అడగడం తప్పేమీ కాదు. పది సెక్షన్లు 25 దగ్గర నిశ్చలంగా ఆగితే, 20 గీత మరీ తక్కువని కొలతలే చెప్పినట్టు. అయితే జరపాల్సింది ఆగిపోయిన సెక్షన్ల అనుభవంతో, డిజైన్ ఇంజనీరు లెక్కతో. ఇంకా కదులుతున్న సెక్షన్‌ను పచ్చగా చూపించడానికి మాత్రం జరపకూడదు. సమ్మరీలో గీతలు మారిన తేదీ రాసి ఉందో లేదో చూస్తే ఏది జరిగిందో తెలిసిపోతుంది.

ఇంకో తగాదా, ఎంతకాలం కొలవాలన్నది. ఫేస్ దూరమయ్యాక పాత సెక్షన్లను వదిలేయాలనే తొందర ప్రతి సైట్‌లోనూ ఉంటుంది. 2023 నవంబర్ 12న ఉత్తరాఖండ్‌లోని సిల్క్యారాలో కూలింది ఫేస్ దగ్గర కాదు. అప్పటికే తవ్వేసిన భాగంలో, పనివాళ్లకూ ముఖద్వారానికీ మధ్య. 41 మంది 17 రోజులు లోపల చిక్కుకుపోయారు. ఫేస్ వెళ్లిపోయిన చోటు నిశ్చింత అనుకోకూడదని దాని తర్వాత ఎవరికీ వేరే చెప్పనక్కర్లేదు. చివరి కాంక్రీటు లైనింగ్ పడేదాకా, నెలకు ఒకటి రెండు మిల్లీమీటర్లకు మించి లేదని తేలేదాకా రీడింగులు సాగాలి. మొదటి వానాకాలం దాటేదాకా అని నేను కలుపుతాను, మన వైపు కొండలకు అది అవసరం.

మా బావమరిదికి ఇదంతా ఫోన్‌లో చెప్పలేదు. మూడు సంగతులు కనుక్కోమన్నాను. ముందటి వారం రీడింగులు, ఆ వారంలో బెంచ్ ఎక్కడ తవ్వారు, జీరో రీడింగ్ ఎప్పుడు తీశారు. వాడి షాపుకు వచ్చే ఒక టిప్పర్ డ్రైవర్ రెండు రోజుల తర్వాత అదే గోడ మీది కొత్త కాగితం ఫొటో తెచ్చాడు. ఈసారి అంచులు కోసుకుపోలేదు. జీరో రీడింగ్ ఫేస్‌కు 1.8 మీటర్ల వెనక. రిమార్కుల గడిలో పెన్నుతో "బెంచ్ పూర్తి, బోల్టులు 14" అని ఉంది. పసుపు వరుసలో 22.0 తర్వాత 23.8, దాని తర్వాత 24.6.

"ఇంకా పెరిగింది కదా బావా?" అన్నాడు.

"ఎంత పెరిగిందో రెండు రోజులూ విడివిడిగా చెప్పు" అన్నాను. వాడు లెక్కకట్టడానికి కాసేపు పట్టింది.